గాలి గొట్టంలోకి ఉతుకు నీళ్లు

డో సేయిన్ యీ ఇంట్లో గోడకు చెమ్మ ఎక్కింది. వంటింటి గోడకో స్నానాల గది గోడకో ఎక్కితే వానాకాలంలో యాంగోన్ మొత్తం మీద దాన్ని పట్టించుకునే నాథుడు ఉండడు. ఇది ఎక్కింది ముందు గదిలో, బుద్ధుణ్ణి కూర్చోబెట్టిన పీఠం వెనక. మొదట విగ్రహం కుడి భుజం దగ్గర అరచేయంత మచ్చ కనబడింది. వ్రతకాలం మొదలయ్యే వాసో పున్నమి వచ్చేసరికి చాటంత అయింది. పెట్టిన మల్లెపూలు ఉదయానికి వాడడానికి బదులు కుళ్లుతున్నాయి.

అందరూ వాననే తిట్టారు. ఈ ఊళ్లో చెమ్మ వస్తే వాన, దగ్గు వస్తే వాన, పెళ్లి తప్పిపోయినా వానే. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం. ఒక మేస్త్రీ వచ్చి పైపూత పూసి పోయాడు, ఇంకొకడు వచ్చి దాని మీద మరో పూత పూశాడు. రెండు పూతలూ పొక్కులై పెచ్చులుగా బుద్ధుడి ఒళ్లో రాలాయి. ఆవిడ వాటిని ఏరి, మొక్కి, ఏడ్చింది. ఆవిడ మొగుడు ఊ పే టిన్ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ పీఠం కిందే చాప వేసుకుని రోజూ సాయంత్రం జపమాల తిప్పేవాడు ఆయన.

చివరికి కింద టీకొట్టువాడు కో మ్యా ఔంగ్‌ని పంపాడు. మ్యా ఔంగ్ గొట్టాల పనివాడు. పజుండౌం వాగు వైపు ఉన్న మేడల్లో అతను తల దూర్చని మరుగుదొడ్డి లేదు. గోడ చూడగానే ముందు ముక్కు ఆనించి వాసన చూడటం అతని అలవాటు. ఆ అలవాటు చూసి పెళ్లిచూపుల్లో అత్తగారు భయపడిందని అతనే చెప్పి నవ్వుతుంటాడు. ఆ రోజు మాత్రం బుద్ధుడి ముందు మూడుసార్లు సాష్టాంగపడి, అనుమతి అడిగి, అప్పుడు విగ్రహం పక్కనుంచి గోడకు ముక్కు ఆనించాడు. మురికి వాసన లేదు. వాన వాసన అంతకన్నా లేదు. సబ్బు వాసన.

మంచినీళ్ల గొట్టం పగిలితే పగలూ రాత్రీ తడే. ఇది ఒకరోజు తడిసి, రెండు రోజులు ఆరి, మళ్లీ తడుస్తోందని ఆవిడే చెప్పింది. అంటే వాడి పారబోసిన నీళ్లు. పైన ఎవరున్నారని అడిగాడు.

పైన మా చో ఉంది. ఆ గదులూ డో సేయిన్ యీవే, అద్దెకిచ్చింది. మా చో ఐరావతి పాయల్లో ఏదో పల్లె నుంచి వచ్చిన ఒంటరి మనిషి. బట్టలు ఉతికి బతుకుతుంది. యాంగోన్‌లో ఒంటరి ఆడదానికి ఇల్లు దొరకడం ఒక కష్టం, బట్టలుతకడానికి వెడల్పాటి గచ్చు ఉన్న ఇల్లు దొరకడం రెండో కష్టం. ఆ గచ్చు పోతే ఆమెకు కూడు పోయినట్టే.

డో సేయిన్ యీ మాట దాచలేదు. “మేస్త్రీ, నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు. ఆ పిల్ల నేల కారుతుంటే కారుతోందను. వ్రతకాలం అయిపోయేలోపు ఖాళీ చేయిస్తాను. నా మొగుడు కట్టుకున్న పీఠం నా కళ్లముందు కుళ్లిపోవడం నేను చూడలేను.”

మ్యా ఔంగ్ సరేనని పైకెక్కాడు. ఆ మెట్లెక్కుతుంటేనే తన నోటి మాట మీద ఒక మనిషి కాపురం ఆధారపడి ఉందని అతనికి తెలిసిపోయింది. అతనికి అది బొత్తిగా నచ్చలేదు. గొట్టాలు బాగుచేయడం నేర్చుకున్నాడు గాని తీర్పులు చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నాడు?

మా చో గచ్చు మీద తొట్లు, తొట్లలో తమెయిన్లు. ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే గుడ్డలు ఉతకడమే ఆమె పని. బడి పంతులమ్మల ఆకుపచ్చవి, అంగట్లో పిల్లల పూలవి, మంత్రసానుల ఎర్రవి. మగవాళ్ల లుంగీలు ఒక్కటీ లేవు. తమెయిన్లతో కలిపి ఉతికిన లుంగీ కడితే మగవాడి తేజస్సు పోతుందని ఎవరూ ఇవ్వరు. ఆరేసిన తమెయిన్ కిందనుంచి నడవాల్సి వస్తే మ్యా ఔంగ్ కూడా చుట్టు తిరిగి పోయేవాడే. ఆ మాట తెలిసే కాబోలు, అతను రాగానే ఆమె తీగ మీది బట్టలన్నీ గబగబా ఒక మూలకు లాగేసింది.

“నా వల్లే అంటున్నారా అన్నా?” అంది.

“ఎవరూ ఏమీ అనలేదు చెల్లీ. నేలను అడుగుదాం,” అన్నాడు.

గచ్చు మూలన ఉన్న తూముకు గుడ్డ కుక్కి, గచ్చు నిండా మడమలు మునిగేలా నీళ్లు నిలిపాడు. ఒక రోజంతా అలాగే వదిలేశాడు. మా చోకు ఆ రోజు ఉతుకు లేదు, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. మర్నాడు వచ్చి చూస్తే గచ్చు మీద నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కింద గోడ మీద మచ్చ తడవలేదు, పైగా కాస్త ఆరింది. ఆ సంగతి చెప్పగానే మా చో మొహం విప్పారిన తీరు చూసి అతనికి తన పని మీద గర్వం వేసింది. పనిలో సంతోషం అంటే అంతే మరి, ఒకరి మీద పడ్డ నింద మన చేత్తో తుడిచేయడం.

కాని నేల కారకపోతే నీళ్లు ఎక్కడివి? తూములోంచి గుడ్డ తీసేశాడు. నీళ్లు గడగడా పోయాయి. ఆ వెనకే తూములోంచి ఒక కంపు ఊపిరి మొహానికి కొట్టింది. ఎప్పుడూ ఇంతేనని, అందుకే పని అయ్యాక తడిగుడ్డ కప్పుతానని ఆమె చెప్పింది. అతను ఆమె పూజ పెట్టెలోంచి ఒక అగరొత్తి అడిగి తీసుకుని, వెలిగించి, తూము మీద పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. పొగ నిటారుగా లేచింది. ఇంతలో పై అంతస్తులో ఎవరో మరుగుదొడ్డిలో బకెట్ కుమ్మరించారు. పొగ ఉన్నట్టుండి తూములోకి లాగినట్టు వంగింది, మళ్లీ ఉఫ్‌మని బయటికొచ్చింది.

నీళ్లు పోయే గొట్టం ఇలా ఊపిరి తీయదు. ఇది గాలి గొట్టం.

నూనె డబ్బాకు ఒకే చిల్లు పొడిచి వంచితే నూనె గుటక గుటకగా పడుతుంది. అవతల ఇంకో చిల్లు పొడిస్తే ధారగా పోతుంది. మేడకు కూడా అంతే. పెద్ద గొట్టంలో పైనుంచి దొడ్డినీళ్లు దిగుతుంటే వాటికి గాలి ఆడాలి, లేకపోతే కింది అంతస్తుల్లో మరుగుదొడ్డి వంపుల్లో నిలిచే నీళ్లను అవి పీల్చేస్తాయి. ఆ నీళ్లు అడ్డం లేకపోతే కంపు ఇంట్లోకి వస్తుంది. అందుకని పక్కనే ఒక సన్న గొట్టం పెట్టి, పైకొస దాబా మీద తెరిచి పెడతారు. దాంట్లో గాలి తప్ప ఏదీ పోకూడదు. డో సేయిన్ యీ మరుగుదొడ్డి కొన్నాళ్లుగా తనలో తాను బుడబుడమంటోందని ఆవిడ చెప్పగా అతను విన్నాడు. ఇప్పుడు అదీ అర్థమైంది. గాలి గొట్టం గొంతు పూడుకుపోయింది.

ఇంటి మధ్యలో వెలుతురు కోసం వదిలిన సందులోకి కిటికీ గుండా నడుము దాకా వంగి చూశాడు. లావు గొట్టం డో సేయిన్ యీ ముందుగది గోడ వైపున్న మూల వెంబడి దిగింది. సన్న గొట్టం అవతలి గోడన ఉంది. మా చో తూము నుంచి లావు గొట్టం దాకా వెళ్లే పాత దారి మూతేసి ఉంది, కొత్తగా తెల్ల గొట్టం ఒకటి సందు అడ్డంగా దాటి సన్నదాన్ని పట్టుకుంది.

“ఇదెవడు పెట్టాడు?” అన్నాడు, పళ్లు కొరుక్కుంటూ.

“పెద్దాయన,” అంది మా చో. “ఊ పే టిన్ గారే మనిషిని తెచ్చి దగ్గరుండి పెట్టించారు. నేను ఇంట్లో దిగిన కొత్తలో. నువ్వు ఉతికేవి తమెయిన్లు కదమ్మా, ఆ నీళ్లు మా బుద్ధుడి గోడ పక్కనుంచి దిగకూడదు, అవతలి గొట్టం శుభ్రంగా ఉంది, అందులోకి వదులుదాం అన్నారు. మంచిదే కదా అని నేనూ అనుకున్నాను.”

అతను తలపట్టుకున్నాడు. శుభ్రంగా ఉండటం ఏమిటి, ఖాళీగా ఉంది. అది ఖాళీగా ఉండటానికే పెట్టింది. పైగా కింద ఆ సన్న గొట్టం అవతలి గోడనే ఉండిపోదు. ఎక్కడో ఒకచోట లావుదాన్ని కలవాలి. కాబట్టి డో సేయిన్ యీ ఇంటి కప్పు కింద గోడలోకి దూరి, సున్నం కింద ఎవరికీ కనబడకుండా ఏటవాలుగా గది దాటి, ఈ మూలకొచ్చి, కిందికి దిగి దాన్ని కలుస్తుంది. దాటే దారి బుద్ధుడి వీపు వెనకనుంచే. గాలే కదా పోయేదని కట్టినవాళ్లు అతుకులకు జిగురు కూడా సరిగా రాయరు. ఇన్నాళ్లూ మా చో తొట్లలోని దారప్పోగులూ సబ్బు జిడ్డూ ఆ వంపులో పేరుకుని, నీళ్లు నిలిచి, అతుకులోంచి గోడకు పట్టి ఉంటాయి. ఏ గోడ పక్కనుంచి పోకూడదని పెద్దాయన దారి మళ్లించాడో, ఆ గోడలోంచే పోతున్నాయి.

ఇదంతా అతని బుర్రలో లెక్కే. గోడ పగలగొట్టాలంటే రుజువు కావాలి. మా చో పంతులమ్మల తెల్ల రవికలకు పెట్టే నీలిమందు అడిగి ఒక తొట్టి నిండా చిక్కగా కలిపి, ఆ తూములో పోశాడు. ఇప్పుడు నీ నేలకే కాదు నీకూ సంబంధం లేదని తేలిపోతుందని ఆమెకు మాటిచ్చాడు. ఆమె దండం పెట్టింది. ఆ దండం తీసుకున్నందుకు తర్వాత అతను చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

మర్నాటికి బుద్ధుడి భుజం వెనక గోడ నీలంగా ఊరింది. డో సేయిన్ యీ కేకకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు పోగయ్యారు, కింద టీకొట్టులో వాళ్లూ మెట్ల మీదికొచ్చారు. మ్యా ఔంగ్ మొహం వెలిగిపోతోంది. కొండను తవ్వాడు, ఎలుక కాదు, ఏకంగా గొట్టమే దొరికింది. నూనె డబ్బా కథ చెప్పాడు, అగరొత్తి పొగ కథ చెప్పాడు, పొగ ఎలా వంగిందో చేత్తో చూపించాడు. ఎవరైనా వింటున్నారంటే అతనికి ఒళ్లు తెలియదు. వాన కాదు, నేల కాదు, పైన బట్టలుతికిన నీళ్లు తప్పు గొట్టంలోంచి ఇక్కడికొస్తున్నాయి, అంతే పిన్నిగారూ అని ముగించాడు.

ఒక ముసలామె తన చేతిలోని పూలు మెల్లగా కింద పెట్టింది.

“ఏ బట్టలు?” అంది డో సేయిన్ యీ.

అప్పుడు అర్థమైంది అతనికి. కాలు జారితే తీసుకోవచ్చు. ఇన్నాళ్లూ అది గోడకు పట్టిన నీరు. ఇప్పుడు అతని నోటి మాటతో పేటలోని తమెయిన్లన్నీ ఉతికిన నీరైంది, బుద్ధుడి వీపు వెనక ఇంత కాలం ప్రవహించిన నీరైంది. దాని కిందే చాప వేసుకుని ఊ పే టిన్ జపం చేశాడు. ఆ చాప మీదే ఆయన ఒకనాడు ఒరిగిపోయాడు. ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. తేజస్సు అన్న మాట ఒకరి నోట వినబడింది, అందుకే పోయాడు పాపం అన్న మాట ఇంకొకరి నోట. అవి మెట్లు దిగి టీకొట్టులోకి, టీకొట్టులోంచి వీధిలోకి పోతుంటే అతను చేతిలో సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఎంత పెద్ద గొట్టమైనా మూతేయగలడు గాని దీనికి మూత ఎక్కడ తెస్తాడు?

పైన మా చో గుమ్మం దగ్గరే ఉంది. అంతా వింది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.

జనం పోయాక మ్యా ఔంగ్ డో సేయిన్ యీ ముందు నేల మీద కూర్చున్నాడు. ఈ తప్పు సరిచేయడం ఒక్కరోజు పనని చెప్పాడు. తూమును మళ్లీ లావు గొట్టానికే కలుపుతాను, మధ్యలో నీరు నిలిచే వంపు పెడతాను, గోడ తెరిచి గాలి గొట్టం కడిగి అతుకులు బిగిస్తాను, ఇక చుక్క రాదన్నాడు. ఆవిడ వింటున్నట్టే లేదు. చెప్పాలా వద్దా అని కొట్టుమిట్టాడాడు. మొగుడు పోయిన మనిషికి ఆ మాట చెప్పడం గోరుచుట్టు మీద రోకటి పోటు. చెప్పకపోతే పైన ఆ పిల్ల బతుకు పోతుంది.

“పిన్నిగారూ, ఆ పిల్ల తప్పు ఇందులో వీసమెత్తు లేదు. ఆ గొట్టం పెట్టించింది పెద్దాయన. బుద్ధుడి మీద భక్తితోనే పెట్టించారు. పెట్టినవాడికి ఏ గొట్టం ఏమిటో తెలియదు, ఆయనకు అంతకన్నా తెలియదు.”

ఆవిడ నీలం మచ్చ వైపు తిరిగింది.

“ఆయన కాదు,” అంది. “నేను. ఆయన వద్దన్నాడు. గొట్టాల సంగతి మనకేం తెలుసు, ఉన్నదాన్ని ఉండనీ అన్నాడు. నేను వింటేనా? ఆడదాని మైల నీళ్లు నా దేవుడి పక్కనుంచి పోతాయా అని తిండి మానేసి కూర్చున్నాను. ఆయన నా పోరు పడలేక మనిషిని తెచ్చాడు.”

గొట్టపు నీళ్లకు మనిషి చావడని మ్యా ఔంగ్ నమ్ముతాడా అంటే, కచ్చితంగా చెప్పలేడు, ఆరేసిన బట్టల చుట్టు తిరిగి పోయే మనిషే కదా తనూ. అయినా అలాంటిదేం లేదని, ఆయన వయసు మళ్లిన మనిషని, గుండె జబ్బని ఏదేదో చెప్పాడు. ఆవిడ అన్నిటికీ తల ఊపింది. అలా ఊపే తలలోకి ఏ మాటా దిగదు.

“పని మొదలుపెట్టు,” అంది. “నాలుగు రోజుల్లో ఆ పిల్లను పంపించేస్తాను.”

“తప్పు ఆమెది కాదని మీ మాటతోనే తేలింది కదా?”

“కాదు. అందుకే.” ఆవిడ గొంతులో కోపం లేదు. “దానిది తప్పయితే క్షమించి ఉంచుకునేదాన్ని, పుణ్యమన్నా వచ్చేది. ఏ తప్పూ లేని మనిషి రోజూ నా నెత్తి మీద నడుస్తుంటే, ఆ తొట్టి చప్పుడు వినబడుతుంటే, నేను ఈ గదిలో ఎట్లా పడుకోను నాయనా?”

ఏ పనిముట్టుతో దీన్ని విప్పాలో మ్యా ఔంగ్‌కు తెలియలేదు. ఇంకొకరైతే వాదించేవారేమో. అతను లేచి గోడ పగలగొట్టాడు.

లోపల సరిగ్గా అనుకున్నట్టే ఉంది. వంపు నిండా నీలంగా మారిన దారప్పోగుల ముద్ద, చేత్తో లాగితే చచ్చిన ఎలుకలా వచ్చింది. అతుకుకు జిగురు లేదు. అతను ప్రతి అంగుళం కడిగి, జిగురు పెట్టి బిగించి, పైన తెల్ల గొట్టం కోసి, గాలి గొట్టానికి పడిన చిల్లుకు మూత బిగించి, తూమును పాత దారికి కలిపాడు. తన జీవితంలో ఇంత శ్రద్ధగా పని చేసింది లేదు. శ్రద్ధ తప్ప చేతిలో మరేమీ లేనప్పుడు మనిషి అలాగే చేస్తాడు. డో సేయిన్ యీ మరుగుదొడ్డి బుడబుడమనడం మానేసింది. మా చో తూము కంపు కొట్టడం మానేసింది.

ఆ నాలుగు రోజుల్లో దొరికిన తీరికంతా ఆమెకు చోటు వెతకడానికే పెట్టాడు. ఈ పేటలో ఏ ఇంట్లో గచ్చు ఎంత వెడల్పో, ఏ తూము ఎటు పోతుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెలిసిన తలుపులన్నీ తట్టాడు. ముందు రమ్మని టీ పోసినవాళ్లే, ఎవరికోసమో చెప్పగానే, ఆ అమ్మాయా అని ఊరుకున్నారు. ఒకాయన మర్యాదగా, మా ఇంట్లోనూ బుద్ధుడున్నాడు కదయ్యా అన్నాడు. బుద్ధుడు లేని ఇల్లు పజుండౌంలో ఎక్కడ దొరుకుతుంది? ఉతకడానికి బట్టలిచ్చే పంతులమ్మలు సైతం ఒక్కొక్కరూ వచ్చి, తడివి తడిగానే పట్టుకుపోయారు. వాళ్ల తమెయిన్లే కదా అవన్నీ. ఆ మాట ఎవరికీ తట్టలేదు.

చివరి రోజు, పని సరిగా ఉందో లేదో మరోసారి చూడటానికి నీళ్లు పోయాలని పైకెళ్లాడు. మా చో సామాను మూట కట్టేసింది. దూరపు చుట్టం ఒకామె దలా వైపు ఉందట, పడవలో నది దాటి వెళ్లాలి. అక్కడ గచ్చు లేదు, ఏం చేస్తావని అతను అడగలేదు. ఆమే అతని చేతిలోంచి బకెట్ తీసుకుని తూములో పోసింది. నీళ్లు చప్పుడు లేకుండా, గాలి ఊదకుండా, కంపు రాకుండా దిగిపోయాయి. ఇద్దరూ వంగి చూస్తూ నిలబడ్డారు.

“బాగా పోతున్నాయి అన్నా,” అంది.

“పోతాయి.”

“నా నేల కారలేదన్నావు.”

“లేదు.”

“గొట్టం నేను పెట్టించింది కాదు.”

“కాదు చెల్లీ.”

“మరి నేనెందుకు పోతున్నాను?”

ఆమె నిష్ఠూరంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. చెమ్మ ఎక్కడిదో కనిపెట్టిన మనిషికి ఇదీ తెలిసి ఉంటుందని అడిగింది. మ్యా ఔంగ్ ఆ మొహం చూడలేక వంగి పెద్ద తొట్టి ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. మెట్లు ఇరుకు, తొట్టి గోడలకు తగులుతోంది. మొదటి అంతస్తులో డో సేయిన్ యీ తలుపు మూసి ఉంది. ఆ తలుపు ముందు ఆమె ఒక్క క్షణం ఆగి, మోకాళ్ల మీద కూర్చుని లోపలున్న బుద్ధుడికి మొక్కి, లేచి అతని వెనకే దిగింది.